నాగవేణి నడిపిన శ్రీమంతం

పుత్తూరు బస్టాండు దాటి కూరగాయల మార్కెట్టుకు పోయే సందులో నాగవేణి గాజుల అంగడి ఉంది. ఆమెకిప్పుడు నలభై ఎనిమిదేళ్లు. అంగట్లోకి వచ్చిన ఆడపిల్ల చేతిని ఒక్కసారి పట్టుకుని వేళ్ల కణుపుల దగ్గర నొక్కి చూస్తుందంతే, ఏ సైజు గాజు పడుతుందో చెప్పేస్తుంది. తప్పడం అరుదు. కానీ ఈ పదేళ్లలో ఆమెకు పేరు తెచ్చింది గాజులు కాదు, శ్రీమంతాలు. పుత్తూరు, నగరి, ఇటు పూతలపట్టు దాకా ఏ ఇంట్లో కోడలికో కూతురికో ఏడో నెల వచ్చినా, "నాగవేణిని పిలిపించండి, ఆమె అయితే అన్నీ చూసుకుంటాది" అంటారు.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆమె శ్రీమంతమే నేర్పింది.

కుప్పయ్యను పెళ్లి చేసుకుని ఈ అంగడి ఇంటికి వచ్చినప్పుడు ఆమెకు ఇరవై ఏళ్లు. మరుసటేడు శ్రీమంతం. గాజుల ఇంటి కోడలు కదా, గాజులకేం కొదవ అని వచ్చిన ప్రతి ముత్తైదువా రెండు చేతులకూ మోచేతుల దాకా ఎక్కించింది. పొద్దున ఎనిమిదికి కుర్చీలో కూర్చోబెట్టారు. మధ్యాహ్నం మూడు దాటాక లేపారు. అప్పటికి చేతులు వాచిపోయి గాజులు ఊడి రాలేదు. అత్తగారే కొంగు చుట్టి, చర్మం తెగకుండా ఒక్కో గాజునూ జాగ్రత్తగా చిట్లించి తీసింది. నాగవేణి వెక్కి వెక్కి ఏడ్చింది. అందరూ చేతుల నొప్పికనుకున్నారు. పది గంటల నుంచి బాత్‌రూముకు పోవాలని ఉండి, నూరుమంది ముందు ఆ మాట చెప్పలేక ఐదు గంటలు ఉగ్గబట్టుకుని కూర్చుంది ఆమె. ఏడుపు అందుకు. అందులో ఎవరికీ చెడ్డ మనసు లేదు, అందరూ ప్రేమతోనే చేశారు. అదే ఆమెకు విచిత్రంగా తోచింది. ఇంతమంది ప్రేమగా చుట్టూ నిలబడి, ఒక్కరంటే ఒక్కరూ "నీకేమన్నా కావాలా?" అని అడగలేదు.

తర్వాత చాలా ఏళ్లు ఆమె గాజుల పెట్టె పట్టుకుని శ్రీమంతాలకు వెళ్తూ వచ్చింది. ఒకసారి నారాయణవనంలో, ఎవరో పెద్దమనిషి వచ్చేదాకా ఆగాలని గంటన్నర సేపు కూర్చోబెట్టిన పిల్ల కుర్చీలోనే కళ్లు తేలేసింది. పట్టుచీర, మెడ నిండా సంపెంగ దండలు, ముఖం మీద వీడియో లైటు. అందరూ అరుస్తుంటే నాగవేణి పెట్టె కింద పెట్టి, దండలు తీసేసి, పిల్లను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, జనాన్ని పక్కకు తోసి గాలి తగలనిచ్చింది. ఎడమ పక్కకు తిప్పాలని ఆమెకు చెప్పింది వాళ్ల వీధిలో ఉండే రిటైరైన నర్సు వసంతమ్మ. పిల్ల తేరుకుంది, ఆస్పత్రికి తీసుకుపోయి చూపించారు, ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి నాగవేణి గాజులు వేయడానికి ఒప్పుకునే ముందే ఒక మాట అనడం మొదలుపెట్టింది: "బిడ్డను గంటకు మించి ఒకే చోట కూర్చోబెట్టేదుంటే నేను రాను."

కొందరు నవ్వారు, కొందరు కోప్పడ్డారు. కొందరు మాత్రం, "అట్లయితే ఎట్ల చేయాలో నువ్వే చెప్పు" అన్నారు. అలా మొదలైంది.

పోయిన మామిడికాయల కాలంలో పూతలపట్టు నుంచి పిలుపొచ్చింది. నారాయణ అని మామిడితోటల రైతు, ఆయన భార్య రాఘవమ్మ. కొడుకు రూపేష్, కోడలు పల్లవి ఇద్దరూ తిరుపతిలో ఉద్యోగాలు. పల్లవి బడిలో లెక్కల టీచరు. ఏడో నెల. నాగవేణి కూతురు మోహనను వెంటబెట్టుకుని పొద్దున బస్సుకే వెళ్లింది.

రాఘవమ్మ అప్పటికే అన్నీ తీర్మానించి ఉంది. చాప మీద కూర్చుని వేళ్లు మడుస్తూ చెప్పింది.

"చిత్తూరు రోడ్డులో మండపం మాట్లాడినాం. పది ఇరవైకి ముహూర్తం. ఎనిమిదికంతా కోడలు స్టేజీ మీద ఉండాల, వచ్చేవాళ్లు వస్తా ఉంటారు కదా. నాలుగు నూర్ల మంది. అందరూ గంధం పూసి, గాజులు తొడిగి, అక్షింతలు వేసి పోతారు. మా అన్న ధనంజయ పలమనేరు నుంచి వస్తాడు, ఆయన ఎప్పుడొస్తాడో చెప్పలేం, ఆయనొచ్చినాకే లేపేది."

"ఆటలు నేను చూసుకుంటా అమ్మా!" అంది పక్కనుంచి రూపేష్ చెల్లెలు రూపశ్రీ. డిగ్రీ చదివే పిల్ల, చేతిలో ఫోను, కళ్ల నిండా ఉత్సాహం. "వదిన కడుపు ఎంత చుట్టుకొలత ఉండాదో రిబ్బను కత్తిరించి చెప్పాల. అదొకటి. బాబా, పాపా అని బోర్డు పెట్టి ఓట్లు వేయించేది ఇంకొకటి. అన్నా వదినా డాన్సు చేస్తా లోపలికి రావాల. అన్నీ ఫోన్లో చూసినా."

నాగవేణి దేనికీ కాదనలేదు. అన్నీ విని, "సరే అక్కా. నేను బిడ్డ చేతులు చూడాల. గాజుల సైజు" అంది.

పల్లవి గదిలో ఉంది. నాగవేణి తలుపు దగ్గరగా వేసి, ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. వేళ్లు కొంచెం ఉబ్బి ఉన్నాయి.

"మామూలుగా నీకు రెండు-నాలుగు. ఆ రోజుకు రెండు-ఆరు తెస్తా, వదులుగా ఉండనీ. ఇప్పుడు చెప్పు తల్లీ. నీకు దేనికి కష్టంగా ఉండాది?"

"ఏమీ లేదాంటీ, బాగానే ఉండా."

"బాగుండావని తెలుస్తానే ఉండాది. నేను అడిగేది వేరే. ఎంతసేపు కూర్చుంటే నడుము పట్టేస్తాది? ఎంతసేపటికి ఒకసారి లేయాల? ఏ వాసన పడదు? ఎవురన్నా ఏమన్నా అంటే మనసుకు కష్టమయ్యే మాట ఏదైనా ఉండాదా? నాకు చెప్తే నా నోటి నుంచి నీ పేరు రాదు. అన్నీ నా పద్ధతులే అని చెప్తా."

పల్లవి తలుపు వంక ఒకసారి చూసింది. తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అరగంటకోసారి బాత్‌రూముకు వెళ్లాలి. ముప్పావు గంట కూర్చుంటే నడుము లాగుతుంది. సంపెంగ వాసనకు వాంతి వస్తుంది. రక్తపరీక్షలో చక్కెర కొంచెం ఎక్కువుందని డాక్టరమ్మ చెప్పింది, రెండు గంటలకోసారి కొంచెం కొంచెంగా తినాలి, స్వీట్లు కూడదు. ఇవి చెప్పేటప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది.

"పోయినేడు ఐదో నెలలో ఒకసారి పోయిందాంటీ. అప్పుడు అందరూ కడుపు మీద చెయ్యి పెట్టి పెట్టి చూసేవాళ్లు. ఇప్పుడు ఎవరైనా కడుపు ముట్టుకుంటే నాకు భయం. ఆ రిబ్బను ఆట వద్దు. మగబిడ్డా ఆడబిడ్డా అనే బోర్డు కూడా... ఎవరైనా సరే, చల్లగా బయటికి రానీ అని నేనుంటే, ఓట్లేసి గెలిచినాం ఓడినాం అనుకోవడం వినలేను. అత్తమ్మకు ఇవన్నీ చెప్పలేను. ఆమె ఎంత ఆశ పెట్టుకుందో నాకు తెలుసు."

నాగవేణి ఆమె చెయ్యి వదల్లేదు. "నువ్వు చెప్పేదేమీ లేదు. ఆ రోజు నువ్వు నన్ను చూసి కుడిచెవి కమ్మ తాకితే చాలు, నేనొచ్చి లేపుకుని పోతా. ఎందుకని ఎవురూ అడగరు. అట్ల చేస్తా."

బయటికొచ్చి రాఘవమ్మ ముందు మోహన చేత కాగితం మీద రాయించింది.

"అక్కా, వంట, పూలు, పిలుపులు అన్నీ మీ ఇష్టమే. బిడ్డ కూర్చునేది మాత్రం నా ఇష్టం. దానికి ఒప్పుకుంటేనే చేస్తా. మొదట ఆమెను చూసే డాక్టరమ్మను ఒక మాట అడగండి, ఇట్ల ఫంక్షను చేస్తా ఉండామని. సరేనంటేనే ముందుకు. ఎనిమిదిన్నరకు ఇంట్లోనే ఇడ్లీ తినేసి, పదికి మండపానికొస్తాది. పది ఇరవైకి అయ్యవారి పూజ. అది నలభై నిమిషాలు. పదకొండుకు లేచి లోపలికి పోతాది, మజ్జిగ తాగి కాసేపు కాళ్లు చాపుకుంటాది. పదకొండుంబావుకు గాజులు."

"నాలుగు నూర్ల మంది గాజులు భోజనాల లోపల ఎట్ల తొడుగుతారు?"

"తొడిగేది తొమ్మిది మందే అక్కా. ఇంటి పెద్ద ముత్తైదువులు. మిగతా వాళ్లందరికీ నేనే బయట బల్ల వేసి గాజులు తొడుగుతా. వాళ్ల చేతికీ గాజులొచ్చె, సంబరమూ అయ్యె. బిడ్డ కాడికి పదేసి మంది చొప్పున పోయి అక్షింతలు వేసి వస్తారు. గంధం చేతికే, చెంపలకు కాదు, కడుపు కాడికి ఎవురి చెయ్యీ పోదు. పన్నెండుకు పది నిమిషాలుండంగా ఆటలు, అరగంట. ఆ తర్వాత భోజనం. ఒంటిగంట నుంచి రెండు దాకా బిడ్డ పడుకుంటాది. రెండుకు మళ్లీ ఒక అరగంట అందరికీ కనిపించి ఇంటికి."

"మా అన్న పడుకునే వేళకొస్తే?"

"రెండు దాకా ఉంటారు. అన్నం తినాల కదా."

రాఘవమ్మ ముఖం ముడుచుకుంది. "ఎవురి ఫంక్షను మే ఇది? నాదా, నీదా?"

"కడుపులో ఉండే బిడ్డది అక్కా" అంది నాగవేణి, నవ్వుతూనే. రాఘవమ్మ నవ్వలేదు. కానీ నారాయణ అటు గోడకు ఆనుకుని వింటున్నవాడు, "అట్లనే కానీలే, ఆమె నూరు చేసింటాది" అన్నాడు. అంతటితో ఒప్పుకున్నట్టయింది.

రూపశ్రీ మొహం వేలాడేసుకుని ఉంది. కడుపు కాడికి చెయ్యే పోకపోతే తన ఆటలు ఎగిరిపోయినట్టేనని అర్థమైంది. నాగవేణి ఆ పిల్లను పక్కకు పిలిచింది.

"నీకు మైకు పట్టుకుని మాటాడేది వస్తాదా?"

"ఓ! కాలేజీలో యాంకరింగు నేనే."

"అట్లయితే ఆటలన్నీ నీవే. ఒకటే నియమం. వదిన ఆడదు, వదిన జడ్జి. మెత్తటి సోఫాలో కాళ్ల కింద పీట వేసుకుని కూర్చుంటాది. అందరూ ఆమెను నవ్వించేదానికి ఆడాల. ఆమెతో ఆడేది కాదు, ఆమె ముందర ఆడేది. ఏమేం పెట్టొచ్చో నువ్వు చెప్పు."

పిల్ల కళ్లు మళ్లీ వెలిగాయి. మోహనతో కలిసి ముగ్గురూ కూర్చుని గంటసేపు ఆలోచించారు. మగవాళ్లు బొమ్మకు లంగోటీ కట్టే పందెం రూపశ్రీదే. గుడ్డసంచిలో గిలక్కాయ, ఉగ్గుగిన్నె, మొలతాడు, నూనెసీసా లాంటివి వేసి, చూడకుండా చెయ్యి పెట్టి ఏమిటో చెప్పే ఆట మోహన చెప్పింది. ముసలమ్మలందరూ వరుసగా ఒక్కో జోలపాట ఎత్తుకోవాలి, ఒకరు పాడింది ఇంకొకరు పాడకూడదు. ఇది నాగవేణిది. చివర్న ఒక చీటీల కుండ. బిడ్డ పుట్టాక మొదటి మూడు నెలల్లో తాము చేయగలిగే పని ఏదైనా ఒకటి రాసి అందులో వేయాలి. బట్టలుతికి పెడతామనో, మధ్యాహ్నం రెండు గంటలు బిడ్డను ఎత్తుకుంటామనో.

"ఓట్ల బోర్డు ఒకటి ఉండనీయక్కా" అని చివరిసారిగా బతిమాలింది రూపశ్రీ.

"అది మాత్రం వద్దు. నా ఫంక్షన్లో అది పెట్టను" అంది నాగవేణి. ఎందుకో చెప్పలేదు.

ముందురోజు సాయంత్రం నాగవేణి మండపానికి వెళ్లి అన్నీ చూసుకుంది. పెళ్లికూతురి గదిలో మంచం ఉంది, బాత్‌రూము ఉంది, అన్నీ బాగున్నాయి. ఇంతలో కరెంటు పోయింది. కిటికీ వెనకే జనరేటరు మొదలైంది. గది గోడలు అదిరాయి, డీజిలు పొగ లోపలికొచ్చింది. ఇన్నేళ్ల అనుభవంలో కిటికీ వెనక ఏముందో చూడాలని ఆమెకు తట్టలేదు. తనను తాను తిట్టుకుంటూనే అప్పటికప్పుడు ఎదురుగా ఉన్న పెళ్లికొడుకు గది ఖాళీ చేయించింది. దానికి మెట్లు ఎక్కే పని లేదు, బాత్‌రూములో కాలు జారకుండా చాప వేయించింది. రెండు దిండ్లు ఎక్కువ తెప్పించింది, ఒకటి నడుముకు, ఒకటి మోకాళ్ల మధ్యకు. స్టేజీ మీద సింహాసనంలా ఉన్న ఎత్తు కుర్చీని తీయించి, వీపు ఆనుకునేలా ఉన్న వెడల్పాటి సోఫా వేయించింది. పూలవాడికి ఫోను చేసి మరోసారి చెప్పింది: "సంపెంగ ఒక్కటి కూడా వద్దబ్బా. కనకాంబరాలు తే. వాటికి వాసన ఉండదు." రూపేష్‌కు కారు మండపం గేటు దగ్గరే, ఎవరి బండీ అడ్డం లేకుండా పెట్టమంది. ఫంక్షనుకు సరేనన్న డాక్టరమ్మ నంబరు అతని దగ్గరా మోహన దగ్గరా ఉండేలా చూసింది.

"తలనొప్పి అన్నా, కళ్లు మసకలన్నా, కడుపులో నొప్పి అన్నా ఇంక ఫంక్షను లేదు, ఆస్పత్రే" అని అతనికి చెప్పింది. అతను తలూపాడు. అప్పటికే ఆ మూడూ తన ఫోనులో రాసుకుని ఉన్నాడని ఆమెకు తర్వాత తెలిసింది.

ఆ రోజు పొద్దున వసంతమ్మ కూడా వచ్చింది, శ్రీమంతం చూడాలని. ఇంటి దగ్గరే పల్లవికి బీపీ చూసి బాగుందంది. పట్టుచీర బదులు మెత్తటి చీర ఉంటే బాగుండునని నాగవేణి అనుకుంది కానీ, రాఘవమ్మ ఎంతో మోజుపడి తెచ్చిన ఆకుపచ్చ పట్టుచీర అది. పూజ వరకు అది కట్టి, పదకొండుకు లోపలికెళ్లినప్పుడు అదే రంగు నూలుచీర మార్చేలా అత్తాకోడళ్లను ఒప్పించింది.

పూజ సరిగ్గా నలభై నిమిషాల్లో అయింది. అయ్యవారికి ముందే చెప్పి ఉండటంతో ఆయన మంత్రాల మధ్య కథలు చెప్పలేదు. గాజుల వేళకు నాగవేణి గేటు పక్కన, స్టేజీ కనిపించేలా బల్ల పరిచింది. ఆడవాళ్లూ పిల్లలూ ఆమె చుట్టూ మూగారు. "నాకు పచ్చవి", "మా పాపకు చిన్నవి" అని ఒకటే సందడి. స్టేజీ దగ్గర తోపులాట లేదు. పదేసి మంది వెళ్తున్నారు, అక్షింతలు వేస్తున్నారు, వస్తున్నారు. చెయ్యి ఆడుతున్నా నాగవేణి కళ్లు మాత్రం పల్లవి కమ్మ మీదే ఉన్నాయి. మధ్యలో ఒకసారి ఆ కమ్మ మీదికి చెయ్యి వెళ్లింది. నాగవేణి తల ఊపగానే మోహన పోయి, "చీర కుచ్చిళ్లు సర్దాల" అని అందరికీ వినిపించేలా చెప్పి తీసుకుపోయింది. నాలుగు నిమిషాల్లో మళ్లీ తెచ్చి కూర్చోబెట్టింది.

ఆటలప్పుడు మండపం మండపమే ఊగిపోయింది. లంగోటీ పందెంలో ఆరుగురు మగవాళ్లు బొమ్మల్ని తలకిందులుగా పట్టుకుని పాత నూలుచీర ముక్కలతో కుస్తీ పట్టారు. రూపేష్ కట్టిన లంగోటీ బొమ్మను ఎత్తగానే జారి కింద పడింది.

"జడ్జిగారూ, మీ తీర్పు?" అని రూపశ్రీ మైకు పల్లవి ముందు పెట్టింది.

"సున్నా మార్కులు. సప్లిమెంటరీ రాయాల" అంది పల్లవి. ఆమె నవ్వుతుంటే సోఫా కదిలింది. జోలపాటల వంతు వచ్చేసరికి, ఎప్పుడూ నోరు విప్పని ఒక ఎనభై ఏళ్ల అవ్వ ఎవరికీ తెలియని జోల ఒకటి ఎత్తుకుంది, సగం తమిళం సగం తెలుగు. రూపశ్రీ ఫోనులో రికార్డు చేస్తూ తానే కళ్లు తుడుచుకుంది.

పన్నెండున్నరకు పల్లవికి చిన్న పళ్లెంలో వడ్డించారు. కొబ్బరన్నం ఒక ముద్ద, నిమ్మకాయ చిత్రాన్నం ఒక ముద్ద, కూరలు ఎక్కువ, పెరుగు. చక్కెరపొంగలి శాస్త్రానికి వేలి కొనతో నాలుక మీద పెట్టించారు. ఒంటిగంటకు లోపలికెళ్లి పడుకుంది. నాగవేణి తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఒంటిగంటా ఇరవైకి మూడు కార్లొచ్చాయి. ధనంజయ. ఆయన భార్య, ఇద్దరు కూతుళ్లు, వియ్యంకుల వాళ్లు, పళ్లేలలో చీరలు, పండ్లు, వెండిగిన్నె.

"యాడ నా కోడలు? ఇంత దూరం నుంచి వస్తే స్టేజీ ఖాళీగా ఉండాదే!" అని ఆయన గొంతు మండపం అంతా వినపడింది.

రాఘవమ్మ పరుగున వచ్చింది. "నాగవేణీ, లేపు. ఒక పది నిమిషాలు. మా అన్న వచ్చినాడు."

నాగవేణి లేచి నిలబడింది కానీ తలుపుకు అడ్డంగానే ఉంది. "నిద్ర పట్టి పది నిమిషాలు కూడా కాలేదక్కా. రెండుకు లేస్తాది. అన్నకు అన్నం పెట్టండి."

"మా అన్నకు నేనేం చెప్పేది? కోడలు పడుకోనుండాది, నువ్వు కాసుకోనుండమని చెప్పేదా? ఆయన ఆ గిన్నె ఎక్కడెక్కడో తిరిగి తెచ్చినాడు. పక్కకు జరుగు."

"నా పేరు చెప్పండి. పుత్తూరు నాగవేణి తలుపు తీయనీలేదని చెప్పండి. నన్ను తిట్టనీ."

రాఘవమ్మ ఆమెను పక్కకు నెట్టి తలుపు తోసింది. నాగవేణి ఆపలేదు. గట్టిగా మాట్లాడితే లోపలి పిల్ల లేస్తుంది, అంతకంటే తానూ లోపలికి పోవడం మేలనుకుంది.

గదిలో ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. పల్లవి ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. పాదాలు వాచి ఉన్నాయి. చెప్పుల పట్టీలున్న చోట గాట్లు పడి ఎర్రగా కనిపిస్తున్నాయి. నిద్రలో కూడా ఒక చెయ్యి కడుపు మీద అడ్డంగా ఉంది, ఎవరో తీసుకుపోకుండా పట్టుకున్నట్టు.

రాఘవమ్మ "పల్లవీ" అని పిలవబోయి ఆగింది. ఆ పాదాల వంక చూసింది, ఆ చెయ్యి వంక చూసింది. తర్వాత మంచం చివర నేల మీద చతికిలబడి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు శ్రీమంతం చేయలేదు" అంది గుసగుసగా. "అప్పుడు మా అత్తింట్లో ఎవురో పోయినారు, మైలన్నారు. అది అయిపోయేలోగా నొప్పులొచ్చేసినాయి. ముప్పై ఏండ్లుగా అనుకుంటా ఉండా, నా కోడలికన్నా జిల్లాలో ఎవురికీ జరగనంత గొప్పగా చేయాలని."

"జరిగింది కదక్కా" అంది నాగవేణి, ఆమె పక్కనే కూర్చుని. "ఆ అవ్వ పాడినప్పుడు మీ కోడలు ముఖం చూసినారా?"

"చూసినా. పెండ్లిలో కూడా అట్ల నవ్వలేదు అది." రాఘవమ్మ ముక్కు తుడుచుకుంది. "పోయినేడు పోగొట్టుకున్న బిడ్డ గురించి నాతో ఒక్క మాట అనలేదు. నేనే అడగలేదేమో."

కొంచెం సేపటికి ఆమె లేచి తలుపు చప్పుడు కాకుండా వేసి బయటికొచ్చింది. అన్న ఎదురుగా నిలబడి, మామూలు గొంతుతోనే, కానీ గట్టిగా చెప్పింది.

"అన్నా, కోడలు పడుకోనుండాది. రెండు గంటలకు లేస్తాది. అంతవరకు భోజనం చేయండి. ఈ రోజు ఆమెను ఎవురూ లేపేది లేదు, నేను కూడా లేపను."

ధనంజయ చెల్లెలి ముఖం చూసి, "సరే మే, నువ్వే అంటే ఇంకేముంది" అని ఆకు ముందు కూర్చున్నాడు. నాగవేణి మోహనకు కనుసైగ చేసింది. భోజనాలవగానే రూపశ్రీ మైకు పక్కన పెట్టి, "ఇప్పుడు పలమనేరు టీము!" అని పిలిచింది. ధనంజయ మామ పంచె పైకి కట్టుకుని బొమ్మకు లంగోటీ కట్టాడు. గట్టిగా పట్టుకుంది. ఇద్దరు కూతుళ్లను పెంచినవాడిననీ, ఇంట్లో అందరికంటే లంగోటీలు తానే ఎక్కువ కట్టాననీ ఆయన గొప్పగా చెప్పుకుంటుంటే, ఆయన భార్య తల పట్టుకుంది.

రెండు గంటలకు పల్లవి లేచింది. మొహం కడుక్కుని, నాలుగు నానబెట్టిన బాదంపప్పులు తిని, మజ్జిగ తాగి బయటికొచ్చింది. కళ్లు తేటగా ఉన్నాయి. రాఘవమ్మ చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి సోఫాలో కూర్చోబెట్టింది. ధనంజయ వెండిగిన్నె చేతిలో పెట్టి ఆశీర్వదించాడు. ఆయన భార్య కడుపు మీదికి చెయ్యి చాపబోతే, నాగవేణి అక్కడికి చేరేలోపే, రాఘవమ్మ ఆ చెయ్యి మధ్యలో పట్టుకుని అక్షింతల పళ్లెం వైపు మళ్లించింది. "తల మీద వేయి వదినా" అంది.

రెండున్నరకు కారు మండపం గేటు దాటింది.

ఆగస్టు చివర్లో పల్లవికి కాన్పు అయింది. ఆడపిల్ల, రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. చీటీల కుండ విప్పి చూస్తే నూటా పన్నెండు చీటీలున్నాయట. చాలా మంది నిజంగానే వచ్చి చేశారట. కొందరు రాలేదు, అది మామూలే. ధనంజయ తన చీటీలో రాసినట్టు ఒక ఆదివారం పలమనేరు నుంచి వచ్చి, మనవరాలికి లంగోటీ కట్టి వెళ్లాడని రూపశ్రీ ఫోనులో చెప్పి నవ్వింది.

దీపావళి దాటాక నాగవేణి చిత్తూరులో ఇంకొక శ్రీమంతానికి మాట్లాడడానికి పోయింది. ఆ ఇంటి అత్తగారు, అచ్చం ఒకప్పటి రాఘవమ్మలాగే, పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా వరస చెప్తోంది. నాగవేణి నోరు తెరవకముందే, చుట్టపు చూపుగా వచ్చి మూలన కూర్చుని ఉన్న ఒకామె అందుకుంది.

"ఏందిమే ఆ పొద్దంతా కూర్చోబెట్టేది! బిడ్డను గంటకు మించి ఒకే చోట కూర్చోబెట్టరాదు. పడుకునేదానికి గది ఉండాల. ఆ గది కిటికీ వెనకాల జనరేటరు ఉండాదేమో ముందు పోయి చూడు. నేను నా కోడలికి అట్లనే చేసినా. పూతలపట్టులో ఎవురినైనా అడుగు."

రాఘవమ్మ. ఒళ్లో మూడు నెలల పాప. నాగవేణిని చూసి ఏమాత్రం తడబడలేదు. "రా కూర్చో, వీళ్లకు మిగతాది నువ్వు చెప్పు" అంది.

నాగవేణి సంచిలోంచి కాగితం, పెన్ను తీసి ఆ అత్తగారి పక్కన కూర్చుంది. "మీరు చెప్పిందంతా విన్నాను అక్కా. ముందు బిడ్డ చేతులు చూడాల. గాజుల సైజు" అంది.